ఎడమ వైపు దెబ్బ, కుడి వైపు పగులు: 302 నుంచి 304 రెండో భాగం దాకా వచ్చిన ఒక కేసు

ఈ కేసులో నేను ముద్దాయి తరఫు వకీలుని. సెషన్స్ కోర్టు తీర్పు వచ్చి, అప్పీలు గడువు కూడా దాటిపోయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. రెండు కుటుంబాలూ ఇప్పటికీ అదే ఊళ్లో పక్కపక్క పొలాలు చేసుకుంటున్నాయి. అందుకే ఊరు, పేర్లు, తేదీలు చెప్పడం లేదు. సంఘటన 2024 జూలై 1కి ముందు జరిగింది కనుక భారతీయ న్యాయ సంహిత కాకుండా పాత ఐపీసీ సెక్షన్లే వర్తించాయి. సెక్షన్ నంబర్లు మారినా, హత్యకూ, హత్య కాని నేరపూరిత నరహత్యకూ మధ్య గీత మాత్రం పాత చోటే ఉంది.

కాలువ చివరి భూములు. నీళ్లు వంతుల వారీగా వస్తాయి. ఆ రాత్రి వంతు ముద్దాయిది. చేనుకు నీళ్లు పెట్టుకుని భోజనానికి వెళ్లి, తొమ్మిది దాటాక పార భుజాన వేసుకుని తిరిగి వచ్చేసరికి బోదెలో నీళ్లు లేవు. పై పొలం రైతు తన వైపు గండి కొట్టుకుని, కింది వైపు మట్టి వేసి కట్టేశాడు. ఇద్దరికీ దూరపు చుట్టరికం, బావా అంటే బావా అని పిలుచుకునే మనుషులు. ఆ వేసవిలోనే అంతకుముందు కూడా నీళ్ల దగ్గర మాటా మాటా వచ్చింది గానీ చేతుల దాకా ఎప్పుడూ పోలేదు.

"నా వంతు పూట గండి కొడతావేంటి బావా" అని ఇతను, "నీ చేను తడిసింది చాల్లే, ఇంటికి పో" అని అతను. కాసేపు అరుచుకున్నారు. అతను ఇతని ఛాతీ మీద చెయ్యి వేసి వెనక్కి తోశాడు. ఇతను పార తిరగేసి వెనక వైపుతో తల మీద ఒక్క దెబ్బ వేశాడు. దెబ్బ ఎడమ చెవికి పైన తగిలింది. అతను వెల్లకిలా పడ్డాడు. పడిన చోట తూము పక్కన సిమెంటు లైనింగు ఉంది.

మృతుడి కొడుకు, ఇంకో రైతు టార్చిలైట్లతో కాస్త దూరంలోనే ఉన్నారు. వాళ్లు పరుగెత్తుకు వచ్చేసరికి ముద్దాయి పార పడేసి, పడ్డ మనిషి తల కింద తువ్వాలు పెడుతున్నాడు. ఆటో కోసం ఫోను చేసింది కూడా అతనే. ముందు దగ్గర్లోని ఆసుపత్రి, అక్కడి నుంచి పెద్దాసుపత్రి, సీటీ స్కాన్, అర్ధరాత్రి ఆపరేషన్. ఆరో రోజున మనిషి చనిపోయాడు.

ఎఫ్ఐఆర్ మొదట 307 కింద, అంటే హత్యాయత్నం కింద కట్టారు. మనిషి చనిపోయాక మెమో వేసి 302కి, అంటే హత్య కిందకి మార్చారు. చార్జిషీటు కూడా 302 కిందే వచ్చింది. మనిషి పోతే 302 వెయ్యడం దర్యాప్తు అధికారులకు అలవాటు, అందులో తప్పు పట్టడానికి పెద్దగా లేదు. ఏది హత్య, ఏది కాదు అనేది కోర్టు తేల్చాలి. కానీ తేల్చడానికి కావలసిన కాగితాలు సేకరించాల్సిన బాధ్యత మాత్రం దర్యాప్తుదే. ఈ కేసులో అదే జరగలేదు, దాని గురించి కింద చెబుతాను.

"చంపాలనుకోలేదు" అనే వాదన ఎందుకు సరిపోదు

ముద్దాయి భార్య మా ఆఫీసుకు వచ్చిన మొదటి రోజు నుంచీ ఒకటే మాట: "ఆయనకి చంపాలని లేదండీ." నిజమే, లేదు. కొత్తగా క్రిమినల్ ప్రాక్టీసులోకి వచ్చిన వాళ్లు కూడా ఈ మాటనే వాదనగా పట్టుకుంటారు. కానీ హత్య అనిపించుకోవడానికి చంపాలనే ఉద్దేశమే ఉండాలని చట్టం ఎక్కడా అనలేదు.

ఐపీసీ 300లో నాలుగు క్లాజులున్నాయి. మొదటి దాంట్లో చంపాలనే ఉద్దేశం. రెండో దాంట్లో ఫలానా మనిషి ఈ దెబ్బకు చనిపోయే అవకాశం ఉందని తెలిసి మరీ ఆ దెబ్బ వెయ్యాలనే ఉద్దేశం. ఎదుటివాడికి ఏదో జబ్బు ఉందని తెలిసి, మామూలు మనిషికి ఏమీ కాని దెబ్బ కొట్టినవాడు దీని కిందకి వస్తాడు. నాలుగోది ఎవరినీ గురి పెట్టకపోయినా, చేసే పని దాదాపుగా ప్రాణం తీసేదేనని తెలిసి, ఏ సమర్థనా లేకుండా చేసే వాడికి. జనం గుంపు మీదకి తుపాకీ పేల్చేవాడు దీనికి ఉదాహరణ.

మన కోర్టుల్లో రోజూ నడిచేది మూడో క్లాజు. శరీరానికి ఒక గాయం చెయ్యాలనే ఉద్దేశం ఉండాలి, ఆ గాయం ప్రకృతి సహజ క్రమంలో ప్రాణం తీయడానికి సరిపోయేదై ఉండాలి. అంతే. చస్తాడని ముద్దాయికి తెలుసా లేదా అన్న ప్రశ్నే ఇక్కడ లేదు. ఇందులో మొదటి సగం ముద్దాయి మనసుకు సంబంధించింది, రెండో సగం డాక్టరు చెప్పాల్సింది. కడుపులో పొడవాలనుకుని పొడిచినవాడు, "పేగులు తెగుతాయని నేననుకోలేదు" అంటే ఎవరూ వినరు.

దీన్ని అందరికీ అర్థమయ్యేలా విడమరిచింది 1958లో సుప్రీంకోర్టు ఇచ్చిన విర్సా సింగ్ తీర్పు. జస్టిస్ వివియన్ బోస్ రాశారు. ఒకే ఒక్క ఈటె పోటు, పొట్టలో దిగింది, మనిషి మర్నాడు చనిపోయాడు. ప్రాసిక్యూషన్ వరసగా నాలుగు విషయాలు రుజువు చెయ్యాలని అందులో చెప్పారు. గాయం ఉందని. అది ఎలాంటి గాయమో. ఆ గాయమే చెయ్యాలనే ఉద్దేశం ముద్దాయికి ఉందని, అంటే అది ప్రమాదవశాత్తూ తగిలిందో, వేరే గాయం చెయ్యబోతే ఇదైందో కాదని. ఈ మూడూ తేలాక, ఆ గాయం సహజ క్రమంలో ప్రాణం తీయడానికి సరిపోతుందని. నాలుగో మెట్టు దగ్గర ముద్దాయి ఉద్దేశంతో పని లేదు.

మన గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన రాయవరపు పున్నయ్య కేసులో 1976లో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని ముద్దాయిలకు వ్యతిరేకంగా వాడింది. అక్కడ బరువైన కర్రలతో కొట్టిన దెబ్బలు ఎక్కువగా కాళ్ల మీదా చేతుల మీదా పడ్డాయి. ఆయువుపట్టు మీద కొట్టలేదు కాబట్టి హత్య కాదని హైకోర్టు, హత్య కాని నరహత్యకు శిక్ష చెప్పే 304లో రెండో భాగానికి తగ్గించింది. సుప్రీంకోర్టు మళ్లీ 302 చేసింది. పథకం ప్రకారం వెంటబడి, కావాలనే అన్ని దెబ్బలు వేశారు, అవన్నీ కలిసి ప్రాణం తీయడానికి సరిపోయాయి అని. "తల మీద కొడితే హత్య, కాలు మీద కొడితే కాదు" అనే లెక్క ఎవరి బుర్రలోనైనా ఉంటే ఆ తీర్పు ఒకసారి చదువుకోవాలి.

కాబట్టి మా కేసులో అడగాల్సింది వేరే ప్రశ్న. ముద్దాయి ఏ గాయం చెయ్యాలనుకున్నాడు? మనిషి ప్రాణం తీసింది ఆ గాయమేనా?

రెండు గాయాలు

పోస్టుమార్టం రిపోర్టులో తలకు సంబంధించి మూడు సంగతులున్నాయి. ఎడమ చెవికి పైన, కుట్లు వేసిన గాయం, దాదాపు 5 సెంటీమీటర్లు. తల వెనక కుడి పక్కన 7 సెంటీమీటర్ల మేర కమిలిన వాపు, దాని కింద పుర్రెకు సన్నటి పగులు. లోపల, మెదడు ఎడమ పక్కన, పొర కింద రక్తం చేరిన ఆనవాళ్లు, మెదడు కమిలిన గుర్తులు. ఆపరేషన్ కోసం ఎడమ వైపు పుర్రె ముక్క తీసిన సంగతి కూడా రాశారు. మరణ కారణం: తలకు గాయం. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

ప్రాసిక్యూషన్ లెక్క సూటిగా ఉంది. దెబ్బ ఎడమ వైపు, రక్తస్రావం ఎడమ వైపు. పారతో కొట్టిన దెబ్బే మెదడును చితక్కొట్టింది. ఇలా చూస్తే విర్సా సింగ్ మెట్లు నాలుగూ ఎక్కేసినట్టే.

కానీ రిపోర్టును నిదానంగా చదివితే ఒక పొంతన కుదరని విషయం కనిపిస్తుంది. పుర్రె పగిలింది కుడి వైపు వెనక. అక్కడ ఎవరూ కొట్టలేదు. ఏ సాక్షీ రెండో దెబ్బ గురించి పోలీసులకు చెప్పలేదు. మరి ఆ పగులు ఎలా వచ్చింది?

ఇక్కడ ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఒక పాత సంగతి పనికొస్తుంది. కదలకుండా ఉన్న తలను ఏదైనా వస్తువు వచ్చి కొడితే, మెదడు దెబ్బ తగిలిన చోటి కిందే ఎక్కువగా కములుతుంది. కదులుతున్న తల, అంటే పడుతున్న మనిషి తల, గట్టి నేలకు తగిలి ఒక్కసారి ఆగిపోతే, మెదడు తగిలిన చోటికి ఎదురు పక్కన కములుతుంది. దీన్ని కాంట్రకూ అంటారు. వెల్లకిలా పడి తల వెనక కుడి భాగం నేలకు తగిలిందనుకోండి, మెదడు ఎడమ పక్కన ముందు భాగంలో, కణత వైపు చివర్లలో కమలడం డాక్టర్లు తరచుగా చూసేదే.

అంటే ఎడమ వైపు రక్తస్రావం ఎడమ దెబ్బది కాకపోవచ్చు. కుడి వైపు పడ్డ దెబ్బది కావచ్చు.

దీన్ని రుజువు చెయ్యాలంటే పోస్టుమార్టం రిపోర్టు ఒక్కటే చాలదు. శవం బల్ల మీదికి వచ్చేసరికే సర్జన్ ఎడమ పుర్రె ముక్క తీసేశాడు, రక్తం కడిగేశాడు, ఆరు రోజులు గడిచాయి. ఎడమ దెబ్బ కింద ఎముక అసలు చిట్లిందా లేదా అన్నది పోస్టుమార్టం డాక్టరుకు తెలిసే మార్గం లేదు. తెలిసేది ఆపరేషన్‌కు ముందు తీసిన సీటీ స్కాన్‌లో. అది చార్జిషీటులో లేదు. ఆసుపత్రి కేస్ షీటు లేదు, ఆపరేషన్ నోట్సు లేవు. మొదటి ఆసుపత్రి ఇచ్చిన గాయాల సర్టిఫికెట్ మాత్రం ఉంది, దాన్నీ ఎవరూ సరిగ్గా చదవలేదు.

సీఆర్పీసీ 91 కింద పిటిషన్ వేసి కేస్ షీటు, సీటీ ఫిల్ములు, ఆపరేషన్ నోట్సు తెప్పించమని అడిగాం. కేసు లాగడానికే ఇదంతా అని పబ్లిక్ ప్రాసిక్యూటర్ పీపీ గారు అభ్యంతరం చెప్పారు. జడ్జి గారు పిటిషన్ అనుమతించారు. ఇప్పుడు అదే పని సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 94 కింద చెయ్యాలి. తలకు గాయమై ఆపరేషన్ తర్వాత మనిషి చనిపోయిన ప్రతి కేసులోనూ, ఏ పక్షం వకీలైనా, ఈ కాగితాలు లేకుండా విచారణ మొదలుపెట్టకూడదని గట్టిగా చెబుతాను. ఆపరేషన్ తర్వాత చేసిన పోస్టుమార్టంలో సగం ఆనవాళ్లు సర్జన్ చేతి పనే.

సీటీ ఫిల్ములు వచ్చాయి. ఎడమ గాయం కింద ఎముక చెక్కు చెదరలేదు. కుడి వెనక పగులు స్పష్టంగా ఉంది. మెదడు కమిలింది ఎడమ గాయానికి సరిగ్గా కింద కాదు, ఇంకా ముందుకు, నుదురు, కణత చివర్లలో.

బోనులో ఇద్దరు డాక్టర్లు

ముందు సర్జన్ సాక్ష్యం జరిగింది. ఆయన్ని అడిగింది తక్కువ. ఎడమ వైపు పుర్రె తీసింది రక్తం అక్కడ చేరింది కాబట్టి గానీ అక్కడ ఎముక విరిగినందుకు కాదు కదా అని. అవునన్నారు. ఆపరేషన్ నోట్సులో ఉన్నదే చెప్పారు. అక్కడితో కూర్చున్నాను.

పోస్టుమార్టం డాక్టరుగారి క్రాస్ దాదాపు ఇలా నడిచింది.

"ఎడమ చెవి పైన గాయం అంచులు మొదటి ఆసుపత్రి సర్టిఫికెట్లో చిరుగులుగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయని రాశారు. పార పదును తగిలితే అలా ఉంటుందా డాక్టర్ గారూ?"

"ఉండదు. మొద్దు వైపు తగిలితే అలా చిట్లుతుంది."

"సీటీ ప్రకారం ఆ గాయం కింద ఎముక విరగలేదు. ఆ ఒక్క గాయమే అయి ఉంటే, సహజ క్రమంలో ప్రాణం తీయడానికి సరిపోతుందని మీరు చెప్పగలరా?"

"ఆ గాయం ఒక్కటే అయితే చెప్పలేను."

"తల వెనక కుడి వైపు పగులు, ఎడమ పక్క ముందు భాగంలో కమలడం, ఈ రెండూ కలిపి చూస్తే వెల్లకిలా సిమెంటు మీద పడ్డప్పుడు వచ్చే గాయాలతో సరిపోతాయా?"

ఆయన సీటీ ఫిల్మును వెలుతురుకు పట్టి కాసేపు చూశారు. "సరిపోతాయి. పడటం వల్లే వచ్చి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉంది."

ఇక్కడ ఆపేశాను. ఇంకో ప్రశ్న అడిగితే, పారతో అంత గట్టిగా కొట్టకపోతే పడేవాడే కాదు కదా అనే మాట ఆయన నోటి నుంచి వచ్చేది. పీపీ గారు రీ ఎగ్జామినేషన్‌లో ఆ మాట అడిగారు కూడా. డాక్టరుగారు అవునన్నారు. దానితో మాకు నష్టం లేదు, ఎందుకో చెబుతాను.

ప్రత్యక్ష సాక్షుల సంగతి క్లుప్తంగా. కొడుకు ఎఫ్ఐఆర్‌లోనూ, పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్‌లోనూ "పార తిరగేసి ఒక్క దెబ్బ వేశాడు" అని చెప్పాడు. కోర్టులో "ఈ రోజు నిన్ను చంపుతా అని అరిచి రెండు దెబ్బలు కొట్టాడు" అన్నాడు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లాడు, అతని మీద నాకు కోపం లేదు. కానీ ముందు చెప్పని మాటలు కొత్తగా చేరినప్పుడు వాటిని రికార్డు మీదకి తేవడం నా పని. దర్యాప్తు అధికారి క్రాస్‌లో అవి రుజువయ్యాయి. రెండో సాక్షి ఒకే దెబ్బ అన్నాడు, బెదిరింపు మాటలేవీ వినలేదన్నాడు.

"తిరగేసి" అన్న ఆ మాటే మా వాదనకు ఆధారమైంది. చేతిలో ఉన్నది పార. దాని పదును వైపుతో కొడితే పుర్రె రెండు చెక్కలవుతుంది. దాన్ని తిప్పి మొద్దు వైపు వాడాడంటే, కోపంలో కూడా, ఎలాంటి గాయం చెయ్యాలనుకున్నాడో అతని చేతే చెబుతోంది.

వాదనలు

ప్రాసిక్యూషన్ ప్రధానంగా చెప్పింది, దెబ్బ వల్లే పడ్డాడు, పడటం వల్లే చనిపోయాడు, కాబట్టి మరణానికి కారణం ముద్దాయే అని. ఇది పూర్తిగా నిజం, మేం దీన్ని ఎక్కడా కాదనలేదు. అయితే ఇది జవాబిచ్చేది "మరణానికి కారణం ఎవరు" అన్న ప్రశ్నకు మాత్రమే. మూడో క్లాజు అడిగేది వేరు. ప్రాణం తీసిన ఆ గాయాన్ని చెయ్యాలనుకున్నాడా? ఎడమ చెవి పైన దెబ్బ వెయ్యాలనుకున్నాడు, వేశాడు, అది సరిపోయే గాయం కాదు. సరిపోయే గాయం తల వెనక పగులు, దాన్ని అతను తలపెట్టలేదు. రీ ఎగ్జామినేషన్‌లో వచ్చిన మాట మాకు నష్టం చెయ్యకపోవడానికి కారణం ఇదే. విర్సా సింగ్ మూడో మెట్టు దగ్గరే కేసు ఆగిపోతుంది.

ఇలాంటి ఆలోచనకు ఆధారం 1968లో సుప్రీంకోర్టు హర్జిందర్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పులో దొరికింది. అక్కడ ఇద్దరి కొట్లాటలో మధ్యలోకి వచ్చిన మనిషికి తొడ మీద కత్తి పోటు తగిలి పెద్ద రక్తనాళం తెగింది. సరిగ్గా ఆ చోటే ఆ గాయం చెయ్యాలనే ఉద్దేశం రుజువు కాలేదని 302 నుంచి 304 మొదటి భాగానికి తగ్గించారు. మొదటి భాగానికి, రెండో దానికి కాదు. దీన్ని కోర్టుకు దాచకుండా చెప్పాను, ఎందుకంటే తర్వాతి వాదన అక్కడే మొదలవుతుంది.

304కు రెండు దారులున్నాయి. వీటిని కలిపేసి వాదించడం చాలా చోట్ల చూస్తుంటాను. ఒకటి, 300లోని ఏ క్లాజూ రుజువు కాకపోవడం, అంటే అది మొదటి నుంచీ హత్యే కాదు. రెండోది, క్లాజు రుజువైనా ఐదు మినహాయింపుల్లో ఏదో ఒకటి వర్తించడం, అంటే హత్య కావలసింది తగ్గింది. మొదటి దారిలో రుజువు భారం పూర్తిగా ప్రాసిక్యూషన్‌ది. రెండో దారిలో మినహాయింపు చూపించాల్సింది ముద్దాయి, సాక్ష్యాధార చట్టం 105 కింద. ఇప్పుడు కొత్త చట్టంలో అది 108. రుజువు స్థాయి ప్రాసిక్యూషన్‌కున్నంత కఠినం కాకపోయినా భారం భారమే.

మేం నాలుగో మినహాయింపును, అంటే ముందస్తు ఆలోచన లేకుండా హఠాత్తుగా జరిగిన కొట్లాటను, ప్రత్యామ్నాయంగానే పెట్టాం. దాని మీదే ఆధారపడటం నాకు ఇష్టం లేకపోయింది. కొట్లాట అంటే రెండు వైపులా చేతులు లేవాలి. ఇక్కడ అతను తోశాడు, ఇతను ఇనుప పారతో కొట్టాడు. ఖాళీ చేతుల మనిషి మీద పనిముట్టు వాడితే అనుచితమైన ఆధిక్యం తీసుకున్నట్టు కాదా అని కోర్టు తప్పకుండా అడుగుతుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర బలమైన జవాబు లేదు.

ఇంకో వాదన ముద్దాయి బంధువులు పదే పదే చెయ్యమన్నారు, నేను చెయ్యలేదు. మొదటి ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి పంపడంలో ఆలస్యమైందని, త్వరగా ఆపరేషన్ చేసి ఉంటే బతికేవాడని. 299కి రెండో వివరణ దీన్ని నేరుగా మూసేసింది. సరైన వైద్యం అందితే బతికేవాడైనా, గాయం చేసినవాడే మరణానికి కారకుడు. ఆ వాదన ఎత్తి కోర్టు సమయం తినడం తప్ప ఒరిగేది లేదు.

చివరగా, దీన్ని 304 కూడా కాదు, 325 కింద తీవ్ర గాయం అనాలని అడిగాం. అడగాల్సింది కాబట్టి అడిగాం.

మొదటి భాగమా, రెండో భాగమా

302 కాదని తేలిపోయాక అసలు ఉత్కంఠ ఇక్కడే. ఐపీసీ 304 మొదటి భాగంలో చంపాలనే ఉద్దేశం గానీ, మరణం సంభవించే అవకాశమున్న గాయం చెయ్యాలనే ఉద్దేశం గానీ ఉండాలి. శిక్ష యావజ్జీవం దాకా వెళ్తుంది. రెండో భాగంలో ఉద్దేశం లేదు, ఎరుక మాత్రమే ఉంది. ఈ పని వల్ల మనిషి చనిపోయే అవకాశం ఉందని తెలుసు, అయినా చేశాడు. శిక్ష పదేళ్ల దాకా.

ఉద్దేశానికీ ఎరుకకూ తేడా కాగితం మీద సులువు, సాక్ష్యంలో కష్టం. ఎందుకంటే రెండింటినీ అవే ఆధారాల నుంచి ఊహించుకోవాలి: ఆయుధం ఏమిటి, వెంట తెచ్చుకున్నాడా, అక్కడ దొరికిందా, శరీరంలో ఎక్కడ కొట్టాడు, ఎన్ని దెబ్బలు, ఎంత బలంతో, ముందు కక్ష ఉందా, దెబ్బ తర్వాత ఏం చేశాడు. పులిచెర్ల నాగరాజు కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇలాంటి అంశాలనే వరసగా పేర్కొంది. 2023లో అన్బళగన్ కేసులో ఉద్దేశానికీ ఎరుకకూ తేడాను మళ్లీ విపులంగా చర్చించి, పొలం దారి తగాదాలో కలుపు తీసే పనిముట్టుతో కొట్టిన దెబ్బను మొదటి భాగం నుంచి రెండో భాగానికి తగ్గించింది. మా వాదనలకు దాని వాస్తవాలు చాలా దగ్గరగా ఉన్నాయి.

ఈ అంశాలను లెక్కపెట్టి ఎటు ఎక్కువైతే అటు తీర్పివ్వడం మాత్రం సరైన పద్ధతి కాదు. ఒక్క దెబ్బే కదా అని ఉద్దేశం లేదనలేం. విర్సా సింగ్‌లోనూ ఒక్క పోటే. మనిషి చేతిలో ఇంకా అవకాశం ఉండి కూడా ఆగిపోయాడా అన్నది అసలు చూడాల్సింది. మా కేసులో ఎదుటి మనిషి కింద పడ్డాడు, పార ఇతని చేతిలోనే ఉంది, ఆపడానికి దగ్గర్లో ఎవరూ లేరు. రెండో దెబ్బ వెయ్యలేదు. పార పడేసి తల పట్టుకున్నాడు, ఆటో పిలిచాడు. ఆ కాల్ రికార్డు కూడా దాఖలు చేశాం. దెబ్బ తర్వాతి ప్రవర్తన కొట్టే క్షణంలోని ఉద్దేశాన్ని చెరిపెయ్యదు, అది నిజం. కానీ ఒక్క దెబ్బతో ఆగిపోవడానికి కారణం ఏమిటన్న ప్రశ్నకు అది జవాబు చెబుతుంది.

పీపీ గారి జవాబు కూడా గట్టిదే. ఇనుప పారతో, తల మీద, నిలబడ్డ మనిషి పడిపోయేంత బలంతో కొట్టినవాడు మరణం సంభవించే గాయాన్ని తలపెట్టలేదంటే ఎలా నమ్మాలి? దీనికి మా దగ్గరున్నది మళ్లీ ఆ సీటీ ఫిల్మే. ఎముక విరగలేదు. పారతో తల మీద నిండు బలంతో వేస్తే, వెనక వైపుతోనైనా, ఎముక చాలాసార్లు విరుగుతుంది. మనిషి పడిపోయింది దెబ్బ బలానికే కాదు, తడి గట్టు మీద అదుపు తప్పి కూడా. పంచనామాలో గట్టు బురదగా ఉందని, జారిన గుర్తులున్నాయని రాసి ఉంది.

తీర్పు

కోర్టు 302 నుంచి ముద్దాయిని విముక్తుణ్ని చేసి 304 రెండో భాగం కింద దోషిగా తేల్చింది. ప్రాణం తీసిన గాయం తలపెట్టిన గాయం కాదని, తలపెట్టిన గాయం ప్రాణం తీయడానికి సరిపోదని డాక్టరు సాక్ష్యం ఆధారంగా చెప్పింది. నాలుగో మినహాయింపు జోలికి వెళ్లాల్సిన అవసరమే రాలేదు. 325 అడిగిన మా మాటను తోసిపుచ్చింది. సిమెంటు లైనింగు పక్కన గట్టు మీద నిలబడ్డ మనిషి తల మీద ఇనుప పనిముట్టుతో కొడితే పడతాడని, పడితే ప్రాణం పోవచ్చని పొలం పని చేసే ఏ పెద్ద మనిషికైనా తెలుసని రాసింది. ముద్దాయి తరఫున నిలబడిన నేను కూడా ఆ వాక్యాన్ని తప్పని అనలేను. ఎరుక అంటే సరిగ్గా అదే. శిక్ష 5 సంవత్సరాల జైలు, జరిమానా. విచారణ ఖైదీగా ఉన్న కాలం అందులో మినహాయించారు.

ఇదే సంఘటన 2024 జూలై 1 తర్వాత జరిగి ఉంటే, హత్య నిర్వచనం భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్ 101లో, నరహత్యది 100లో, శిక్షలు 103లో, 105లో చూసుకోవాలి. క్లాజులు, మినహాయింపులు సారంలో అవే కాబట్టి సీటీ ఫిల్ము చుట్టూ జరిగిన వాదన అంతా అలాగే జరిగేది. మారింది శిక్ష దగ్గర. 105 మొదటి భాగంలో యావజ్జీవం వెయ్యకపోతే కనీసం 5 సంవత్సరాలు, గరిష్ఠంగా పది. పాత చట్టంలో ఈ కనీసం లేదు. రెండో భాగంలో కనీస శిక్ష లేదు గానీ, పాత చట్టంలో జైలో జరిమానానో రెండూనో అని ఉన్నది పోయి, ఇప్పుడు జైలుతో పాటు జరిమానా తప్పనిసరైంది. అంటే కేసు మొదటి భాగంలో పడితే, ముద్దాయి వయసు, కుటుంబ పరిస్థితి, తర్వాతి ప్రవర్తన ఎంత అనుకూలంగా ఉన్నా, ఐదేళ్లకు దిగువకు వెళ్లే వీలు జడ్జి చేతుల్లో లేదు. ఉద్దేశమా, ఎరుకా అన్న వాదనను శిక్ష మీద విచారణ దాకా వాయిదా వేసుకోకుండా, డాక్టరు బోనెక్కే రోజు నాటికే సిద్ధం చేసుకోవాలి.